ప్యాడ్ కన్నా ముందు చెప్పేది ఫండస్: కాన్పు తర్వాతి మొదటి గంటలో రక్తస్రావాన్ని పట్టుకోవడం

కాన్పు అయిపోయింది. బిడ్డ ఏడ్చింది, మాయ బయటికొచ్చింది, గదిలో అందరి ముఖాల్లో టెన్షన్ తగ్గింది. కాసేపటికి సిస్టర్ వచ్చి ప్యాడ్ చూసింది. సగమే తడిసింది. బీపీ చూసింది, 114/72. రెండూ చార్టులో రాసి పక్క మంచం దగ్గరికి వెళ్లింది. ఆమె రాసిన రెండు అంకెలూ నిజమే. కానీ తల్లి కడుపు మీద చెయ్యి పెట్టి చూడలేదు. ఆ సమయానికి గర్భసంచి మెత్తబడి, పావు లీటరు రక్తాన్ని లోపలే గడ్డలుగా నింపుకుని ఉన్నా, ప్యాడూ బీపీ ఆ సంగతి ఇంకా చెప్పవు.

లేబర్ వార్డులో కొత్తగా చేరిన సిస్టర్లకు నేను మొదట చెప్పేది ఇదే. కాన్పు తర్వాత ఎక్కువగా పోయే రక్తం, అంటే మనం పీపీహెచ్ అని పిలిచేది, కంటికి కనబడేలోపే చేతికి తెలుస్తుంది. బీపీ పడిపోయేవరకు ఆగితే చాలా ఆలస్యమైనట్టే. గర్భిణి ఒంట్లో మామూలు కన్నా ఎక్కువ రక్తం ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న తల్లి లీటరు దాటి రక్తం పోయినా రక్తనాళాలను బిగబట్టి, గుండెను వేగంగా కొట్టించి, బీపీని నిలబెట్టుకోగలదు. అలా నిలబెట్టుకుని ఒక్కసారిగా కుప్పకూలుతుంది. కాబట్టి ఈ వ్యాసంలో కాన్పు తర్వాతి మొదటి రెండు గంటల గురించి, అందులోనూ గర్భసంచి బిగుసుకోకపోవడం వల్ల వచ్చే రక్తస్రావం గురించే ఎక్కువగా చెప్తాను. పీపీహెచ్ కేసుల్లో దాదాపు 70 శాతానికి కారణం అదే.

రక్తం అసలు ఎలా ఆగుతుంది?

నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం వెళ్తుంటుంది. మాయ ఊడిన చోట ఆ రక్తనాళాల నోళ్లు తెరుచుకుని ఉంటాయి. చేతికి గాయమైతే రక్తం గడ్డకట్టి ఆగుతుంది. ఇంత ధారగా వచ్చే చోట మాత్రం గడ్డకట్టడం ఒక్కటే సరిపోదు. ఇక్కడ ప్రకృతి వేరే ఏర్పాటు చేసింది. గర్భసంచి గోడలోని కండర పోగులు అడ్డదిడ్డంగా, జాలీ అల్లినట్టు ఉంటాయి. ఆ జాలీ సందుల్లోంచే రక్తనాళాలు వెళ్తాయి. మాయ పడిపోగానే కండరం బిగుసుకుంటే, ముడి బిగించినట్టు ఆ సందులన్నీ మూసుకుపోయి నాళాలు నలిగి రక్తం ఆగుతుంది. గడ్డకట్టే పని ఆ తర్వాత నెమ్మదిగా పూర్తవుతుంది.

అంటే మొదటి గంటలో తల్లి ప్రాణం ఆ కండరం బిగువు మీద ఆధారపడి ఉంటుంది. బిడ్డ పుట్టిన నిమిషంలోనే 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇవ్వడం ఆ బిగువు కోసమే. ఫండస్ అంటే గర్భసంచి పైభాగం. దాని మీద చెయ్యి పెట్టి చూసేది కూడా ఆ బిగువునే.

రిస్క్ ఎవరికి?

రిస్క్ కారణాల జాబితా బట్టీ పట్టిన వాళ్లు చాలామంది ఉంటారు, కానీ పరీక్ష అయిపోగానే మర్చిపోతారు. కండరం ఎందుకు బిగుసుకోలేకపోతుంది అని ఆలోచిస్తే జాబితా దానంతట అదే గుర్తొస్తుంది.

కండరం మరీ ఎక్కువ సాగిపోయి ఉండవచ్చు. కవలలు, ఉమ్మనీరు ఎక్కువగా ఉండటం, నాలుగు కిలోలు దాటిన బిడ్డ ఈ కోవలోకి వస్తాయి. లేదా అలసిపోయి ఉండవచ్చు. నొప్పులు గంటల తరబడి సాగినా, చాలాసేపు ఆక్సిటోసిన్ డ్రిప్ మీద నడిచినా ఇదే జరుగుతుంది. డ్రిప్ సంగతి కొంచెం ఆగి చెప్పుకోవాలి. కండరం మీద ఆక్సిటోసిన్‌ను అందుకునే రిసెప్టర్లు ఉంటాయి. చాలా గంటలు మందు తగులుతూ ఉంటే అవి మొద్దుబారతాయి. అప్పుడు కాన్పు తర్వాత అదే మందు ఇచ్చినా పూర్తిగా పని చేయకపోవచ్చు. రాత్రంతా డ్రిప్ నడిచిన తల్లికి రెండో మందు ముందే దగ్గర పెట్టుకోమని చెప్పేది అందుకే.

ఇన్ఫెక్షన్ వల్ల కండరం దెబ్బతిని ఉండవచ్చు. ఉమ్మనీరు పోయి చాలాసేపై, తల్లికి జ్వరం వచ్చిందంటే ఇది గుర్తు పెట్టుకోవాలి. కొన్ని మందులు కూడా కండరాన్ని వదులు చేస్తాయి. ఫిట్స్ రాకుండా ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్, జనరల్ అనస్థీషియాలో వాడే గ్యాసులు అలాంటివే. చివరిగా, కండరం మంచిదే అయినా బిగుసుకోడానికి ఏదో అడ్డుపడి ఉండవచ్చు: లోపల మిగిలిపోయిన మాయ ముక్క, ఫైబ్రాయిడ్, లేదా పక్కనే నిండిపోయిన మూత్రాశయం. ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ వార్డులో అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యేదీ, అన్నిటికన్నా తేలిగ్గా సరిచేయగలిగేదీ అదే.

వీటికి తోడు ముందు కాన్పులో ఎక్కువ రక్తం పోయిన చరిత్ర, మాయ కిందికి ఉండటం, పాత సిజేరియన్ మచ్చ మీద మాయ అతుక్కుని ఉండటం పెద్ద రిస్కులు. రక్తహీనత సంగతి కొంచెం వేరు. హిమోగ్లోబిన్ 8 ఉన్న తల్లికి 600 మి.లీ. పోతే, 12 ఉన్న తల్లికి లీటరు పోయినంత దెబ్బ తగలవచ్చు. ఆమె చేతిలో మిగులు తక్కువ.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. పీపీహెచ్ వచ్చిన తల్లుల్లో చాలామందికి ఈ రిస్కుల్లో ఒక్కటీ ఉండదు. కాబట్టి ఎవరి ఫండస్ చూడాలో తేల్చుకోడానికి జాబితా పనికిరాదు. అందరిదీ చూడాల్సిందే. ఎవరికి ముందుగానే పెద్ద కాన్యులా పెట్టాలి, ఎవరి రక్తాన్ని క్రాస్‌మ్యాచ్‌కి పంపాలి, ఎవరి మంచం పక్కన మందుల ట్రే ఉంచాలి అన్నది తేల్చుకోడానికే జాబితా.

చెయ్యి ఎలా పెట్టాలి, ఏం వెతకాలి

తల్లిని వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్లు కొంచెం మడిపించాలి. అప్పుడు పొట్ట కండరాలు వదులవుతాయి. వీలైతే ముందే మూత్రం పోయించాలి. "అమ్మా, కడుపు మీద చెయ్యి పెట్టి నొక్కి చూస్తాను. కొంచెం నొప్పిగా ఉంటుంది, ఓర్చుకోండి" అని చెప్పి మొదలుపెట్టాలి. చెప్పకుండా నొక్కితే ఆమె పొట్ట బిగబడుతుంది, మనకు ఏమీ తెలియదు.

ఒక చెయ్యి పొత్తికడుపు కింద, జననాంగం పై ఎముకకు కాస్త పైన అడ్డంగా ఆనించి ఉంచాలి. ఇది గర్భసంచి కింది భాగానికి ఆసరా. రెండో చేతి అంచును బొడ్డు దగ్గర పెట్టి, అరచేతిని దోసిలిలా వంచి లోతుగా నొక్కుతూ ఫండస్‌ను వెతకాలి. కింది చెయ్యి లేకుండా పైనుంచి నొక్కితే, వదులుగా ఉన్న గర్భసంచి కిందికి జారవచ్చు, లోపలి భాగం బయటికి తిరగబడవచ్చు కూడా. అది అరుదే కానీ జరిగితే తల్లి నిమిషాల్లో షాక్‌లోకి వెళ్తుంది. రెండు చేతులూ వాడటం ఎప్పుడూ మానకూడదు.

చేతికి మూడు విషయాలు తెలియాలి. మొదటిది గట్టితనం. మీ నుదుటిని తాకి చూడండి, బిగుసుకున్న ఫండస్ అలా ఉంటుంది. మీ బుగ్గను తాకి చూడండి, మెత్తబడిన ఫండస్ అలా ఉంటుంది. బాగా మెత్తబడితే అంచు కూడా దొరకదు. చేతికింద తడి స్పాంజి ఉన్నట్టుంటుంది, ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియదు. కొత్తవాళ్లు "ఫండస్ దొరకలేదు" అని రాసి వెళ్లిపోతారు. కాన్పు అయిన గంటలోపు ఫండస్ దొరకలేదంటే, వేరే రుజువు దొరికేదాకా అది మెత్తబడిందనే అనుకోవాలి.

రెండోది ఎత్తు. మాయ పడిన వెంటనే ఫండస్ బొడ్డుకూ జననాంగం పై ఎముకకూ మధ్యలో ఉంటుంది. తర్వాతి గంటల్లో కాస్త పైకి వచ్చి బొడ్డు దగ్గర నిలుస్తుంది. మర్నాటి నుంచి రోజుకు సుమారు ఒక వేలి వెడల్పు చొప్పున దిగుతూ, పది పదిహేను రోజులకు పైనుంచి చేతికి అందకుండా పోతుంది. మొదటి గంటలో ఇంతకు ముందు చూసినప్పటికన్నా ఫండస్ పైకి ఎక్కిందంటే లోపల ఏదో నిండుతోందని అర్థం. అది రక్తమైనా కావచ్చు, పక్కనున్న మూత్రమైనా కావచ్చు. అందుకే ఎత్తును "బొడ్డుకు ఒక వేలు కింద", "రెండు వేళ్లు పైన" అని ప్రతిసారీ రాయాలి. ముందు రాసింది లేకపోతే పైకి ఎక్కిందో లేదో పోల్చేదెలా?

మూడోది స్థానం. ఫండస్ నడిమధ్యలో ఉండాలి. పక్కకు, ఎక్కువగా కుడివైపుకు, తోసుకుని పైకెక్కి ఉంటే ముందు అనుమానించాల్సింది నిండిన మూత్రాశయాన్ని. ఎపిడ్యూరల్ తీసుకున్న తల్లికి మూత్రం వస్తోందన్న భావనే ఉండదు, కాబట్టి "మూత్రం వస్తోందా?" అని అడిగి ఆమె మాట మీద వదిలేయకూడదు.

ఫండస్ పట్టుకున్నప్పుడే ఇంకో చూపు కాళ్ల మధ్యకు పోవాలి. నొక్కినప్పుడు రక్తం ఎలా వస్తోంది? తల్లిని కొంచెం పక్కకు తిప్పి నడుం కిందా చూడాలి. వెల్లకిలా పడుకున్న మనిషికి రక్తం వెనక్కి పారి నడుం కింద దుప్పట్లో ఇంకుతుంది, ప్యాడ్ మాత్రం శుభ్రంగా కనబడుతుంది.

ఇదంతా మొదటి గంటలో ప్రతి 15 నిమిషాలకు, రెండో గంటలో ప్రతి అరగంటకు చేయడం చాలా చోట్ల ఉన్న పద్ధతి. పల్స్, బీపీ కూడా అప్పుడే.

కళ్లతో అంచనా వేస్తే ఎందుకు తప్పుతుంది

ఎంత అనుభవం ఉన్నా కంటితో చూసి చెప్పే అంకె నిజం కన్నా తక్కువే ఉంటుంది. రక్తం ఎంత ఎక్కువ పోతే అంచనా అంత ఎక్కువ తప్పుతుంది. దీనికి మందు కొలత ఒక్కటే. తల్లి నడుం కింద పరిచే, మి.లీ. గుర్తులున్న ప్లాస్టిక్ డ్రేప్ సంచిలోకి రక్తం చేరితే చదివి చెప్పవచ్చు. ప్యాడ్లు, గుడ్డలు తూకం వేసి పొడి బరువు తీసేస్తే మిగిలిన ప్రతి గ్రామూ ఒక మి.లీ.గా లెక్క.

ఈ కొలత ఎంత తేడా తెస్తుందో 2023లో వచ్చిన ఈ-మోటివ్ అనే పెద్ద పరిశోధన చూపించింది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆసుపత్రుల్లో, 2 లక్షలకు పైగా యోని కాన్పుల మీద జరిగింది. కొలిచే డ్రేప్ వాడి, పీపీహెచ్ అని తేలగానే చికిత్సలన్నీ ఒకదాని తర్వాత ఒకటిగా కాకుండా ఒకేసారి కట్టగా ఇచ్చారు. అలా చేసిన చోట లీటరు దాటిన రక్తస్రావం, రక్తస్రావం వల్ల ఆపరేషన్, మరణం కలిపి చూస్తే 1.6 శాతం. మామూలు పద్ధతి కొనసాగిన చోట 4.3 శాతం. పాత పద్ధతిలో పీపీహెచ్ వచ్చిన వాళ్లలో దాదాపు సగం మందిని గుర్తించనే లేదన్నది నాకు అన్నిటికన్నా గట్టిగా తగిలిన విషయం. అక్కడా మందులున్నాయి. ఇవ్వాలని తెలియలేదు, అంతే.

ఎంత పోతే పీపీహెచ్ అనాలి? 24 గంటల్లో 500 మి.లీ. అన్నది చాలాకాలంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడుతున్న హద్దు. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2017 నుంచి లీటరును, లేదా ఎంత పోయినా రక్తం తగ్గిన లక్షణాలు కనబడటాన్ని హద్దుగా తీసుకుంది. 2025లో వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త సూచనలు ఇంకా ముందుకు జరిగాయి: యోని కాన్పు తర్వాత 300 మి.లీ. పోయి, పల్స్ బీపీల్లో ఏదైనా తేడా కనబడితే అప్పుడే కదలాలి. మంచం పక్కనుండే సిస్టర్‌కు ఈ ఆఖరిదే ఎక్కువ ఉపయోగం. పేరు పెట్టడం తర్వాత, ముందు కదలడం అన్నమాట.

ఆ తేడాను చూడటానికి ఒక తేలిక లెక్క ఉంది, షాక్ ఇండెక్స్ అంటారు. పల్స్‌ను బీపీ పై అంకెతో భాగించాలి. కాన్పు అయిన తల్లికి 0.7 నుంచి 0.9 మధ్య ఉండటం మామూలు. 0.9 దాటితే జాగ్రత్త పడాలి, 1 దాటిందంటే, అంటే పల్స్ అంకె బీపీ పై అంకెను మించిందంటే, ప్రమాదమే. క్యాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు, రెండంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

ఒక రాత్రి, 2:10 నుంచి

ఇప్పుడు ఒక కేసు తీసుకుందాం. ఇది పాఠం కోసం నేను అల్లినది, అయినా ఇందులోని ప్రతి ముక్కా వార్డులో మాటిమాటికీ ఎదురయ్యేదే.

రెండో కాన్పు. నొప్పులు తెప్పించడానికి డ్రిప్ పెట్టి 16 గంటలైంది. ఎపిడ్యూరల్ ఉంది. హిమోగ్లోబిన్ 9.8. చిన్నప్పటి నుంచి ఆస్తమా, ఇన్‌హేలర్ వాడుతుంది. రాత్రి 2:10కి 4.1 కిలోల బిడ్డ పుట్టాడు. వెంటనే ఆక్సిటోసిన్ ఇచ్చారు. 2:19కి మాయ పూర్తిగా వచ్చింది. డ్రేప్‌లో 280 మి.లీ.

2:25కి ఫండస్ గట్టిగా, మధ్యలో, బొడ్డుకు ఒక వేలు కింద ఉంది. పల్స్ 88, బీపీ 118/74. షాక్ ఇండెక్స్ 0.75. 2:40కీ అలాగే ఉంది, పల్స్ మాత్రం 94.

2:55కి సిస్టర్ వెళ్లేసరికి తల్లి బిడ్డను పట్టుకుని ఉంది. "కొంచెం చలిగా ఉంది సిస్టర్, దాహంగా కూడా ఉంది" అంది. ప్యాడ్ సగమే తడిసింది. పల్స్ 112, బీపీ 108/70. బీపీ ఒక్కటే చూస్తే కంగారు పడేదేమీ లేదు. కానీ పల్స్ బీపీని దాటింది, ఇండెక్స్ 1.04. చెయ్యి పెడితే ఫండస్ బొడ్డుకు రెండు వేళ్లు పైన, కుడివైపుకు ఒరిగి, మెత్తగా ఉంది.

సిస్టర్ గది వదిలి వెళ్లలేదు. బెల్ నొక్కి, "పీపీహెచ్, ఇక్కడికి రండి" అని గట్టిగా పిలిచింది. బిడ్డను తల్లి అమ్మ చేతికిచ్చి, మంచం తల భాగాన్ని దించి, కింది చెయ్యి ఆసరాగా పెట్టి ఫండస్‌ను గుండ్రంగా మర్దన చేయడం మొదలుపెట్టింది. కొన్ని క్షణాల్లో కండరం చేతికింద గట్టిపడింది. అప్పుడు మాత్రమే, గట్టిపడ్డాకే, కిందికి నొక్కి గడ్డలు బయటికి తీసింది. ఒక్కసారిగా ముదురు ఎరుపు గడ్డలు, వాటి వెనక రక్తం వచ్చాయి. మెత్తగా ఉన్నప్పుడు నొక్కితే తిరగబడే ప్రమాదం ఉంది. గడ్డలు లోపలే వదిలేస్తే కండరం వాటి చుట్టూ పూర్తిగా బిగుసుకోలేదు. రెండూ గుర్తుండాలి, ఆ వరుసలోనే గుర్తుండాలి.

రెండో సిస్టర్ వచ్చి ప్యాడ్లు, నడుం కింది షీటు, గడ్డలు కలిపి తూకం వేసింది. 640 గ్రాములు. పొడి బరువు 190. అంటే 450 మి.లీ. మొత్తం 730. ప్యాడ్ చూసి అంచనా వేసి ఉంటే ఎవరూ ఈ అంకెకు దగ్గరికి కూడా వచ్చేవారు కాదు.

ఇక పనులన్నీ ఒకేసారి నడిచాయి. మూడో మనిషి టైము చూస్తూ రాస్తున్నారు. మూత్రపు గొట్టం వేస్తే 600 మి.లీ. మూత్రం వచ్చింది. అది వస్తుండగానే ఫండస్ మధ్యకు జరగడం చేతికి తెలిసింది. రెండో చేతికి 16 గేజ్ కాన్యులా పెట్టి, అదే సూదిలోంచి హిమోగ్లోబిన్‌కు, గడ్డకట్టే పరీక్షలకు, క్రాస్‌మ్యాచ్‌కు రక్తం తీశారు. డాక్టర్ గారు ఫోన్‌లోనే ఆర్డర్లు చెప్తూ పరుగున వస్తున్నారు. లీటరు సెలైన్‌లో 20 యూనిట్ల ఆక్సిటోసిన్ డ్రిప్ మొదలైంది. 10 యూనిట్లు ఒక్కసారిగా నరంలోకి గబుక్కున ఎక్కిస్తే బీపీ పడిపోతుంది. ఇప్పటికే రక్తం పోయిన తల్లికి అది ఇంకో దెబ్బ. అందుకే డ్రిప్.

3:02కి ట్రానెగ్జామిక్ యాసిడ్ 1 గ్రాము, 10 నిమిషాల్లో నెమ్మదిగా నరంలోకి ఇచ్చారు. ఇది గర్భసంచిని బిగించదు. ఏర్పడిన గడ్డ కరిగిపోకుండా ఆపుతుంది. 20 వేల మంది తల్లులతో చేసి 2017లో ప్రచురించిన ఉమన్ ట్రయల్, కాన్పు అయిన 3 గంటల్లోపు ఇస్తే రక్తస్రావం వల్ల మరణాలు తగ్గుతాయని చూపింది. ఆలస్యమైన ప్రతి 15 నిమిషాలకూ దాని లాభం సుమారు పదో వంతు తగ్గుతుంది. అందుకే "ముందు మిగతావి చూద్దాం, ఆగకపోతే ఇద్దాం" అనే పాత అలవాటు మంచిది కాదు.

చెయ్యి తీస్తే రెండు నిమిషాల్లో ఫండస్ మళ్లీ మెత్తబడుతోంది. 16 గంటల డ్రిప్ ప్రభావం ఇక్కడ కనబడింది. రెండో మందు కావాలి. ఏది? కార్బోప్రోస్ట్ ఊపిరితిత్తుల గొట్టాలను బిగిస్తుంది, ఈమెకు ఆస్తమా ఉంది కాబట్టి వద్దు. మిథైల్ ఎర్గోమెట్రిన్ బీపీని పెంచుతుంది, బీపీ ఎక్కువున్న వాళ్లకు ఇవ్వకూడదు. ఈమెకు గర్భంలో ఎప్పుడూ బీపీ లేదు. ట్రే దగ్గరున్న సిస్టర్ ఆస్తమా సంగతి గట్టిగా చదివి వినిపించింది, డాక్టర్ గారు మిథైల్ ఎర్గోమెట్రిన్ 0.2 మి.గ్రా. కండరానికి ఇవ్వమన్నారు. హడావుడిలో జ్ఞాపకం మీద ఆధారపడకూడదు. నా మాట వింటే ఈ రెండు ప్రశ్నలూ, "ఆస్తమా ఉందా? బీపీ ఉందా?", ట్రే మూత మీదే రాసి అంటించండి.

3:15కి ఫండస్ గట్టిగా, మధ్యలో, బొడ్డు దగ్గర నిలబడింది. కొత్త ప్యాడ్ల మీద ఇంకో 130 మి.లీ. మొత్తం 860. పల్స్ 98, బీపీ 112/70, ఇండెక్స్ 0.88. డాక్టర్ గారు లైటు వేసి యోని, గర్భసంచి మూతి చూశారు, చీలికలు లేవు. మాయను మళ్లీ పరిచి చూశారు, ముక్కలేవీ తగ్గలేదు.

గట్టిగా ఉన్నా రక్తం ఆగకపోతే

ఆ ఆఖరి రెండు పరీక్షలు ఊరికే చేసినవి కావు. ఫండస్ గట్టిగా ఉందని తెలిశాక కూడా ఎర్రగా, సన్నని ధారలా రక్తం వస్తూనే ఉంటే గర్భసంచిని మర్దన చేస్తూ కూర్చోకూడదు. కారణం వేరే చోట ఉంది. ఎక్కువగా అది చీలిక. కొత్తగా వచ్చిన సిస్టర్ ఇక్కడే ఎక్కువగా తడబడుతుంది. పీపీహెచ్ అంటే మర్దన అని నేర్చుకుంది కాబట్టి అదే చేస్తూ పోతుంది. గట్టిగా ఉన్నదాన్ని అదే పనిగా పిసికితే కండరం అలసి నిజంగానే మెత్తబడుతుంది.

ఇంకొకటి ఉంది, బయటికి ఏమీ కనబడనిది. ఫండస్ గట్టిగా ఉంది, ప్యాడ్ పొడిగా ఉంది, పల్స్ మాత్రం పెరుగుతోంది, తల్లి "కింద భరించలేని నొప్పి, మలద్వారం దగ్గర ఒత్తుతున్నట్టుంది" అంటోంది. కుట్ల నొప్పి అని మాత్ర ఇచ్చి పంపకూడదు. యోని గోడ లోపల రక్తం గూడు కట్టే హెమటోమా ఇలాగే వస్తుంది. దాన్ని డాక్టర్ వెంటనే చూడాలి.

గడ్డలే కట్టని పల్చటి రక్తం వస్తున్నా, సూది గుచ్చిన చోట రక్తం కారుతున్నా గడ్డకట్టే శక్తి తగ్గిందని అర్థం. ల్యాబు రిపోర్టు ఆలస్యమైతే, కొంచెం రక్తాన్ని సాదా గాజు ట్యూబులో పోసి పట్టుకుంటే తెలుస్తుంది. 7 నిమిషాలకూ గట్టి గడ్డ కట్టకపోతే తేడా ఉన్నట్టే.

మందులన్నీ ఇచ్చినా గర్భసంచి బిగుసుకోకపోతే, ఆపరేషన్ థియేటర్ సిద్ధమయ్యేలోపు ఒక చెయ్యి యోనిలో పిడికిలిగా, ఒక చెయ్యి కడుపు మీద పెట్టి గర్భసంచిని మధ్యలో నొక్కి పట్టాలి. తర్వాత బెలూన్ పెట్టడం, ఆపరేషన్ చేయడం డాక్టర్ల పని. సిస్టర్ పని అక్కడికి చేరేలోపు తల్లిని వెచ్చగా, ఆక్సిజన్ మీద, నిండుగా పారే రెండు లైన్లతో, సరైన లెక్కతో ఉంచడం. చలికి రక్తం సరిగా గడ్డకట్టదు కాబట్టి దుప్పటి కూడా చికిత్సే.

3:15 తర్వాత

రక్తం ఆగగానే గది ఖాళీ అవుతుంది. ఇంకో ప్రమాదం ఇక్కడే ఉంది. మందులు కండరాన్ని పట్టి ఉంచినంతసేపు గట్టిగా ఉన్న ఫండస్, డ్రిప్ అయిపోయాక మళ్లీ వదులవవచ్చు. కాబట్టి గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలవ్వాలి: గంటసేపు ప్రతి 15 నిమిషాలకు, ఆ తర్వాత అరగంటకోసారి. మూత్రపు గొట్టం అలాగే ఉంచి గంటకు ఎంత వస్తోందో రాయాలి. గంటకు 30 మి.లీ. కన్నా తగ్గితే రక్తం ఇంకా చాలడం లేదేమో చూడాలి. ట్రానెగ్జామిక్ యాసిడ్ ఇచ్చిన అరగంటకూ రక్తం ఆగకపోయినా, 24 గంటల్లో మళ్లీ మొదలైనా రెండో గ్రాము ఇవ్వవచ్చు. అందుకే మొదటి డోసు టైము బోర్డు మీద కనబడేలా రాసి పెట్టాలి.

తల్లితో కూడా మాట్లాడాలి. ఒక్కసారిగా అంతమంది వచ్చి కడుపు నొక్కితే, బిడ్డను చేతిలోంచి తీసుకుంటే ఆమెకు ఏమనిపించి ఉంటుంది? "గర్భసంచి కాస్త వదులైంది అమ్మా, రక్తం ఎక్కువ పోయింది. ఇప్పుడు ఆగింది. మళ్లీ మళ్లీ వచ్చి చూస్తాం. ఈలోపు తడిగా అనిపించినా, కళ్లు తిరిగినా, గుండె దడగా ఉన్నా వెంటనే బెల్ నొక్కండి" అని చెప్తే ఆమె కూడా మనతో పాటు కాపలా కాస్తుంది. బిడ్డను తిరిగి రొమ్ము దగ్గర పెట్టవచ్చు. బిడ్డ చప్పరిస్తే తల్లి ఒంట్లో ఆక్సిటోసిన్ కూడా వస్తుంది, అయితే దాన్నే చికిత్స అనుకుని మందు ఆపకూడదు.

5:20కి డ్రిప్ సీసా ఖాళీ అయింది. షిఫ్ట్ మారడానికి ఇంకా టైముంది. సిస్టర్ సీసా తీసే ముందు ఒక చెయ్యి కింద, ఒక చెయ్యి బొడ్డు దగ్గర పెట్టింది. గట్టిగా ఉంది. పదిహేను నిమిషాల తర్వాత, మందు ఆగిపోయాక, మళ్లీ వచ్చి పెట్టింది. బొడ్డు దగ్గర, మధ్యలో, నుదుటిలా గట్టిగా. చార్టులో అదే రాసింది.